పదమూడో పేజీలో గద్యం, పద్నాలుగో పేజీలో ప్రశ్నలు

బెంగళూరులో కె.ఆర్.పురం వైపు మేముండే వీధిలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మా పక్కింటి అమ్మాయి అనంతపురం జిల్లాలో బి.ఎడ్. పూర్తిచేసి, అన్నయ్య ఉద్యోగం ఇక్కడ కావడంతో వారింట్లోనే ఉంటూ 2024 జులైలో జరిగిన ఉపాధ్యాయ అర్హత పరీక్ష సీటెట్ రెండో పేపరుకు చదువుకుంది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. కంప్యూటరులో స్క్రీన్ రీడర్ సాయంతో వింటూ చదువుతుంది. ఆమె స్నేహితురాలొకరు ఊళ్లో ఒక శిక్షణ సంస్థలో చేరి, అక్కడ ఇచ్చే నమూనా ప్రశ్నపత్రాలను ఫోనులో ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపుతూ ఉండేది. ఆ ఫోటోలను చూసి తెలుగులో టైపు చేసి, స్క్రీన్ రీడర్ చదవగలిగే ఫైలుగా తయారుచేసి ఇచ్చే పని నేను తీసుకున్నాను. విడివిడి ప్రశ్నలను టైపు చేయడంలో ఏ చిక్కూ లేదు. శ్రద్ధ అంతా పెట్టవలసి వచ్చింది అపరిచిత గద్యం దగ్గర, అందులోనూ గద్యం ఒక ఫోటోలోనూ దాని ప్రశ్నలు మరొక ఫోటోలోనూ ఉన్నచోట. అటువంటి ఒక్క గద్యం సంగతి మాత్రమే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

సీటెట్ పేపరులో 150 ప్రశ్నలు, రెండున్నర గంటల సమయం. సాంఘిక శాస్త్రం తీసుకున్నవారికి రెండో పేపరులో 31 నుండి 90 వరకు ఆ ప్రశ్నలే ఉంటాయి. 91 నుండి 120 వరకు మొదటి భాష. మా పక్కింటి అమ్మాయి మొదటి భాషగా తెలుగును ఎంచుకుంది. ఆ ముప్పై ప్రశ్నల్లో సగం, అంటే పదిహేను, చదివి అర్థం చేసుకోవడం మీద వస్తాయి. మిగిలిన పదిహేను బోధనాపద్ధతుల మీద. మా చేతికి వచ్చిన నమూనా పత్రంలో 91 నుండి 99 వరకు గద్యం మీద, 100 నుండి 105 వరకు పద్యం మీద ప్రశ్నలు ఉన్నాయి. గద్యం పదమూడో పేజీని పూర్తిగా ఆక్రమించింది. పుస్తకంలో బేసి సంఖ్య పేజీ కుడివైపు ఉంటుంది కనుక దాని ప్రశ్నలు ఉన్న పద్నాలుగో పేజీ అదే కాగితం వెనకవైపు ఉంది. రెండూ ఎప్పుడూ ఒకేసారి కంటికి కనిపించవు, ఒకే ఫోటోలోకి రావు. చూపు ఉన్నవారికి అది కాగితం తిప్పుకోవడమే. చెవితో చదివే మనిషికి మాత్రం, ఏ ప్రశ్న ఏ గద్యానిదో, గద్యంలోని ఏ మాటను పట్టుకుని అడిగారో ఫైలులో మనం రాసిపెడితేనే తెలుస్తుంది.

మొదట తేల్చుకోవలసింది ఫోటోల వరుస. వాట్సాప్‌లో వచ్చి ఫోనులో చేరిన ఫోటోకు IMG-20240609-WA0031.jpg వంటి పేరు ఉంటుంది. అందులోని తేదీ గానీ చివరి సంఖ్య గానీ ఆ ఫోటోను ఎప్పుడు తీశారో చెప్పవు. ఆ రోజు ఆ ఫోనుకు చేరిన ఫోటోల వరుస సంఖ్య మాత్రమే అది. పంపేవారు ఏ క్రమంలో ఎంచుకుంటే ఆ క్రమంలో చేరతాయి. పైగా ఫోటో లోపల దాగి ఉండే, తీసిన సమయం వంటి వివరాలను కూడా వాట్సాప్ తొలగిస్తుంది. అందువల్ల పేరును బట్టి వరుస కట్టడం నేను పూర్తిగా మానేసి, పేజీ అడుగున అచ్చయిన సంఖ్యనే ఆధారంగా తీసుకున్నాను. తర్వాత్తర్వాత ఆ స్నేహితురాలిని ఫోటోలను డాక్యుమెంట్‌గా పంపమని అడిగాము. అలా పంపితే ఫోటో కుదించుకుపోకుండా, కెమెరా పెట్టిన పేరుతోనే వస్తుంది. అక్షరాలు కూడా అంతకుముందుకన్నా బాగా తేలాయి. తెలుగుకు ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే కుదించిన ఫోటోలో ‘ద’కూ ‘ధ’కూ మధ్య ఉన్న చిన్న గీత, ‘ఎ’త్వానికీ ‘ఏ’త్వానికీ మధ్య ఉన్న తేడా మొట్టమొదట చెరిగిపోతాయి.

ఈ పత్రంతో ఇంకొక చిక్కు ఉంది. పేజీలు చదునుగా పరుచుకోవాలని ఆ స్నేహితురాలు మధ్యలోని పిన్నులు తీసేసి, విప్పిన కాగితాలనే ఫోటోలు తీసింది. మడిచి మధ్యలో పిన్ను కొట్టిన పుస్తకంలో ఒక్కొక్క కాగితం మీద పక్కపక్కన అచ్చయ్యే పేజీలు వరుస పేజీలు కావు. ఇరవైనాలుగు పేజీల పుస్తకమైతే ఒక వైపున పక్కపక్కన ఉండే రెండు పేజీల సంఖ్యలను కూడితే ఎప్పుడూ 25 వస్తుంది. నడిమి కాగితంలో లోపలివైపు 12, 13 పేజీలు పక్కపక్కన ఉంటాయి, అవి వరుసలోనే ఉన్నాయి. అదే కాగితం వెనకవైపు మాత్రం ఎడమపక్క 14, కుడిపక్క 11 ఉంటాయి. అంటే మా గద్యం ఉన్న ఫోటోలో దాని ముందు సాంఘిక శాస్త్రం చివరి ప్రశ్నలు, ప్రశ్నలు ఉన్న ఫోటోలో 99వ ప్రశ్న పక్కన మళ్లీ డెబ్భైల్లోని చరిత్ర ప్రశ్నలు. ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోయేవారికి 91 నుంచి మొదలైన తెలుగు ప్రశ్నలు ఒక్కసారిగా విజయనగర రాజుల్లోకి దిగిపోతాయి. కూడిక సూత్రం తెలిశాక ప్రతి విప్పిన ఫోటోనూ రెండు ముక్కలుగా కత్తిరించి, ఒక్కొక్క ముక్కకు p11, p12, p13, p14 అని పేర్లు పెట్టుకున్నాను. పేజీ సంఖ్య కనిపించని ముక్క ఉంటే పక్క పేజీ సంఖ్యను 25లోంచి తీసివేస్తే సరిపోతుంది.

ఇక గద్యం. రాయలసీమ చెరువుల గురించిన వ్యాసభాగం అది. కట్ట, తూము, అలుగు, నీరుగంటి, పూడిక ఇలా ఒక్కొక్క సంగతినీ ఒక్కొక్క పేరాలో చెప్పుకొచ్చారు. గద్యం పైన ‘ఈ గద్యాన్ని చదివి 91 నుండి 99 వరకు గల ప్రశ్నలకు సరైన సమాధానాలను ఎన్నుకోండి’ అని ఒక సూచన ఉంది. ఈ ఒక్క వాక్యమే రెండు పేజీలనూ కలిపి ఉంచుతుంది. పద్నాలుగో పేజీలో ఆ సూచన మళ్లీ లేదు. అక్కడ ఏ శీర్షికా లేకుండా 91 అని నేరుగా మొదలై, 99 ముగియగానే పద్యం గురించిన సూచన వచ్చేస్తుంది. కనుక నేను పద్నాలుగో పేజీ ముట్టుకోకముందే ఆ సూచనలోని రెండు సంఖ్యలనూ ఒక కాగితం మీద రాసుకుని, 91 నుండి 99 వరకు తొమ్మిది ఖాళీ గడులు గీసుకున్నాను. తొమ్మిదీ నిండితేనే ఆ గద్యం పూర్తయినట్టు. ఎనిమిదే దొరికితే పేజీ అడుగున ఏదో కోత పడిందని, పది దొరికితే పద్యం ప్రశ్న ఒకటి ఇటు కలిసిపోయిందని అర్థం.

తొమ్మిది ప్రశ్నల్లో ఏడు నిజంగా గద్యాన్ని చదివితే తప్ప చెప్పలేనివి. 97వది ‘చెరువుకట్ట’ ఏ సమాసం అని, 98వది ఒక మాటకు వ్యతిరేకపదం ఏమిటని. ఈ రెండింటికీ గద్యం చూడనక్కరలేదు. అలాంటి వాటిని విడి వ్యాకరణ ప్రశ్నలుగా పక్కకు తీసిపెట్టాలన్న కోరిక కలుగుతుంది కానీ నేను తీయలేదు. అభ్యాసంలో కూడా అవి ఆ తొమ్మిదింటి మధ్యనే వినిపించాలి. ఏ ప్రశ్నకు మళ్లీ గద్యంలోకి వెళ్లాలో, ఏ ప్రశ్నకు వెళ్లనక్కరలేదో క్షణంలో తేల్చుకోవడం కూడా ఆమె సాధన చేయవలసిన పనే కదా.

చిక్కు వచ్చింది 95వ ప్రశ్న దగ్గర. ‘ఐదవ పేరాలోని ముఖ్యాంశం ఏమిటి?’ అని అడిగారు. నేను టైపు చేసిన గద్యంలో పేరాలు నాలుగే ఉన్నాయి. పదమూడో పేజీ విప్పిన కాగితంలో కుడిసగం కనుక దాని ఎడమ అంచు సరిగ్గా మడత దగ్గరికి వస్తుంది. మడత కొంచెం పైకి లేచి ఉండడంవల్ల ఆ నీడ ప్రతి పంక్తి మొదటి రెండు మూడు అక్షరాల మీద పడింది. పేరా మొదట్లో వదిలే ఖాళీ కూడా ఆ నీడలోనే ఉంటుంది. అందువల్ల పేరా ఎక్కడ మారిందో ఎడమవైపు చూసి చెప్పడం కుదరక, నేను కుడివైపు చూసి చెప్పాను. పేరా చివరి పంక్తి సాధారణంగా మధ్యలోనే ఆగిపోతుంది కాబట్టి పొట్టి పంక్తి వచ్చినచోటల్లా పేరా ముగిసినట్టు లెక్కపెట్టాను. అలా మూడు చోట్ల ముగింపులు, గద్యం చివర ఒకటి, మొత్తం నాలుగు పేరాలు తేలాయి.

ప్రశ్నపత్రం తప్పు అనుకోవడం సులువే. కానీ పేరా చివరి పంక్తి సరిగ్గా కుడి అంచు వరకు నిండిపోతే నేను పెట్టుకున్న గుర్తు పనిచేయదు. అది జరిగి ఉంటుందా అని ఫోటోను పెద్దదిగా చేసి ఒక్కొక్క పంక్తినే చూశాను. ఈ గద్యం రెండు అంచులూ సమంగా ఉండేలా అచ్చయింది కనుక నిండు పంక్తుల్లో అక్షరాల సంఖ్య కొంచెం అటూ ఇటూగా ఒకేలా ఉండాలి. నాలుగో పేరాగా నేను అనుకున్న దాని నడుమ ఒక పంక్తిలో మాత్రం మాటల మధ్య ఖాళీలు మామూలుగానే ఉన్నాయి, అక్షరాలు మాత్రం మిగతా పంక్తులకన్నా నాలుగు తక్కువ. అంటే ఆ లోటు ఎడమ చివర నీడలో దాగి ఉందన్నమాట. దానికి ముందు పంక్తి ‘...నీరుగంటి చూసుకునేవాడు.’ అని అంచు దగ్గర పూర్ణవిరామంతో ముగిసింది. విషయం కూడా నీరుగంటి బాధ్యతల నుంచి పూడికతీత వైపు అక్కడే మలుపు తిరుగుతోంది. మూడూ ఒకచోటే కలిశాయి. అయినా ఊహ మీద ఆధారపడడం నాకు ఇష్టంలేక, ఆ ఒక్క పేజీని మడత మీద బరువు పెట్టి, ఫ్లాష్ లేకుండా, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా మళ్లీ ఒక ఫోటో తీయించమని అడిగించాను. వచ్చిన ఫోటోలో పేరా మొదటి ఖాళీ స్పష్టంగా కనిపించింది. పేరాలు ఐదే.

గద్యాన్నీ ప్రశ్నలనూ విడివిడి పనులుగా చేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. దానికి కారణం ఇటువంటి సందర్భాలే. ప్రశ్నలు గద్యంలోని మాటలను మళ్లీ చెబుతాయి, పేరాల సంఖ్యను చెబుతాయి, ఏ మాటకు గీత గీశారో చెబుతాయి. గద్యం ఫోటోలో మసకబారిన మాటకు ప్రశ్నల పేజీలో రెండో సాక్ష్యం దొరుకుతుంది. మా గద్యంలో నీడ పడిన ఒక పంక్తి మొదట ‘_ము’ అని మాత్రమే కనిపించింది. 92వ ప్రశ్నలో ‘తూము చేసే పని ఏది?’ అని ఉండడంతో అది తూము అని తేలింది. మరోవైపు పద్నాలుగో పేజీ విప్పిన కాగితంలో ఎడమసగం కాబట్టి దాని కుడి అంచు మడత దగ్గర ఉంది. జవాబులను పంక్తికి రెండేసి చొప్పున అచ్చువేశారు. అందువల్ల నీడ రెండో, నాలుగో జవాబుల చివరి అక్షరాల మీద పడింది. అవి గద్యంలోని మాటలే అయినచోట గద్యం నుంచి నిర్ధారించుకున్నాను. గద్యంలో లేని మాటలైనచోట మాత్రం ఊహించి పూరించకుండా కొత్త ఫోటో కోసం ఆగాను, ఎందుకంటే తప్పు జవాబుగా పెట్టిన మాటను మనం తెలియక సరిదిద్దితే అది సరైన జవాబుగా మారిపోవచ్చు.

గీత గీసిన మాటల సంగతి వేరు. గద్యంలో మూడు మాటల కింద గీత ఉంది, 93వ ప్రశ్నలో ‘గీత గీసిన పదాలలో అధికంగా చేరిన నీరు బయటకు పోయే మార్గాన్ని తెలిపేది ఏది?’ అని అడిగారు. జవాబు అలుగు. గద్యం టైపు చేసేటప్పుడు గీతలు వదిలేస్తే ఆ ప్రశ్నకు అర్థమే లేకుండా పోతుంది. వర్డ్‌లో గీత గీసినా చాలదు, మామూలు అమరికలో స్క్రీన్ రీడర్ గీత ఉందని చెప్పకుండానే చదువుకుంటూ పోతుంది. ఆమె వాడే స్క్రీన్ రీడర్ పేరు NVDA. అందులో NVDA+F నొక్కితే ఆ చోట ఉన్న అక్షరాల అమరిక చెబుతుంది గానీ, ఎక్కడ నొక్కాలో ముందు తెలియాలి కదా. నేను మొదట ప్రతి గీత మాట పక్కన కుండలీకరణాల్లో ‘గీత గీసిన పదం’ అని రాసి ఇచ్చాను. ఆమె విని, “పిన్నీ, వాక్యం మధ్యలో ఆ మాట వినబడితే వాక్యం తెగిపోతోంది. పేరా మొదలయ్యే ముందే ఇందులో గీత గీసిన పదాలు ఇవీ అని ఒక్కసారి చెప్పేయండి, నేను గుర్తుపెట్టుకుంటా” అంది. చదివేది ఆమె కనుక ఆమె చెప్పిందే సరి. అప్పటి నుంచి ప్రతి పేరా ముందు ఒక పొట్టి పంక్తి మాత్రమే పెట్టాను. గీత లేని పేరాకు ఆ పంక్తి కూడా లేదు.

ఇంతవరకు అన్నీ సరిపోయాయి. తొమ్మిది గడులూ నిండాయి, ఐదు పేరాలూ ఉన్నాయి, గీత మాటలు మూడూ ప్రశ్నలోని జవాబుల్లో కనిపించాయి. ఇక చివరగా, పత్రంతోపాటు వచ్చిన కీతో సరిచూసుకున్నాను. కీ అవసరం ఆమెకు సాధన తర్వాతే అయినా, నేను టైపు చేసింది సరైనదేనా అని తేల్చుకోవడానికి నేను ముందే వాడుతాను. తొమ్మిదింటికీ నా అంతట నేను జవాబులు రాసుకుని పక్కన కీ పెట్టి చూస్తే మూడు కలిశాయి, ఆరు కలవలేదు.

ఒకటి కలవకపోతే కీలో అచ్చుతప్పు అనుకోవచ్చు, లేదా నా జవాబే తప్పనుకోవచ్చు. ఆరు కలవకపోవడం అలాంటిది కాదు. నాలుగేసి జవాబులు ఉన్నప్పుడు సంబంధంలేని కీతో పోల్చినా నాలుగింట ఒకటి చొప్పున కాకతాళీయంగా కలుస్తుంది, తొమ్మిదింటిలో రెండో మూడో కలవడం సహజమే. కలిసిన మూడూ ఆ కోవలోవేనని నాకు అనుమానం కలిగింది. అనుమానాన్ని తీర్చింది సమాసం ప్రశ్న. చెరువుకట్ట అంటే చెరువు యొక్క కట్ట. షష్ఠీ తత్పురుష అన్నదానిలో వాదానికి తావు లేదు. ఫోటోలో ఆ ప్రశ్నకు ఉన్న సంఖ్య దగ్గర కీ మాత్రం ద్విగు సమాసం ఉన్న జవాబును చూపిస్తోంది. ఇక అది ఈ పేజీకి సంబంధించిన కీ కాదు.

అప్పుడు కారణం తెలిసింది. ఆ శిక్షణ సంస్థ పత్రాన్ని ఎ, బి అని రెండు సెట్లుగా అచ్చువేసింది. రెండింటిలోనూ గద్యం అదే. ప్రశ్నలు కూడా అవే తొమ్మిది, వాటి వరుస మాత్రమే మార్చారు. కనుక ఎ సెట్ గద్యం పక్కన బి సెట్ ప్రశ్నల పేజీని పెట్టినా విషయం చక్కగా అతుకుతుంది. తూము ఉంటుంది, అలుగు ఉంటుంది, ఐదవ పేరా ఉంటుంది. గద్యానికీ ప్రశ్నలకూ విషయం కుదిరిందంటే గద్యం ఒకటేనని తెలుస్తుంది తప్ప సెట్ ఒకటేనని తెలియదు. మాకు వచ్చిన కీ ఎ సెట్‌ది. మొదట వచ్చిన పద్నాలుగో పేజీ ఫోటో, ఆ స్నేహితురాలి పక్కన కూర్చున్న మరొకరి పుస్తకంలోనిది. సెట్ అక్షరం పేజీ సంఖ్య పక్కనే చిన్నదిగా అచ్చయి ఉంది. ఆ ఫోటోలో పేజీ అడుగుభాగం సరిగ్గా చివరి ప్రశ్న కింద కోసుకుపోయింది కనుక సంఖ్యా కనిపించలేదు, అక్షరమూ కనిపించలేదు. ఆ కాగితం మీదే ఉన్న పదకొండో పేజీ అడుగు కూడా అదే గీత మీద తెగిపోయింది. అది పద్నాలుగో పేజీ అని నేను గుర్తించింది 91 నుంచి 99 వరకు ఉన్న ప్రశ్న సంఖ్యలను బట్టి. ఆ సంఖ్యలు రెండు సెట్లలోనూ ఒకటే.

ఎ సెట్ పద్నాలుగో పేజీ నాలుగు మూలలూ కనిపించేలా తీసిన ఫోటో రాగానే పోల్చాను. పైన నేను 92, 93, 95, 97 అని చెప్పినవన్నీ ఎ సెట్‌లోని సంఖ్యలే. బి సెట్‌లో తూము ప్రశ్న 96వదిగా, సమాసం ప్రశ్న 91వదిగా ఉన్నాయి. ప్రశ్నలను కొత్త వరుసలో పెట్టి కీతో మళ్లీ చూస్తే ఎనిమిది కలిశాయి. కలవని ఒక్కటి గద్యానికి తగిన శీర్షిక ఏది అన్నది. అందులో ‘చెరువుల వ్యవస్థ’ అన్నది నా జవాబు, ‘గ్రామీణ నీటి నిర్వహణ’ అన్నది కీ జవాబు. శీర్షిక ప్రశ్నల్లో అటువంటి తేడా వస్తుంది. కీ జవాబునే ఉంచి, నాకున్న అభ్యంతరాన్ని ఆమెకు మాటగా చెప్పాను, ఫైలులో రాయలేదు. అప్పటి నుంచి ప్రతి ముక్క పేరులో సెట్ అక్షరం కూడా చేర్చి A-p13, A-p14 అని పెట్టుకుంటున్నాను. సెట్ అక్షరం కనిపించని ముక్క నుంచి ఒక్క ప్రశ్న కూడా టైపు చేయడం లేదు.

ఫైలు అమరిక గురించి కొంచెం చెప్పాలి. వర్డ్‌లో గద్యానికి మొదటి స్థాయి శీర్షిక పెట్టి ‘గద్యం, 91 నుండి 99’ అని రాశాను. ఒక్కొక్క పేరాకూ ఒక్కొక్క ప్రశ్నకూ రెండో స్థాయి శీర్షిక: ‘పేరా 1’, ‘ప్రశ్న 91’ అని. NVDA+Space నొక్కి బ్రౌజ్ మోడ్‌లోకి వెళ్తే, H నొక్కినప్పుడల్లా తర్వాతి శీర్షికకు, Shift+1 నొక్కితే వెనకనున్న మొదటి స్థాయి శీర్షికకు వెళ్లవచ్చు. ఆమె 96వ ప్రశ్న వింటూ గద్యంలోకి వెళ్లాలంటే Shift+1 ఒక్కసారి, అక్కడి నుంచి పేరాల మీద H. తిరిగి ప్రశ్నకు రావడానికి కూడా H సరిపోతుంది. పద్యానికి వేరే మొదటి స్థాయి శీర్షిక ఉంది కనుక పద్యం ప్రశ్న నుంచి వెనక్కి వెళ్తే పద్యం దగ్గరే ఆగుతుంది, పొరపాటున చెరువుల్లోకి రాదు. పద్యంలో ‘మూడవ పాదంలో’ వంటి ప్రశ్నలు ఉంటాయి కాబట్టి పాదాలను అచ్చులో ఉన్నట్టే పంక్తికొకటిగా ఉంచాను. అక్కడ అంతకుమించి చేయవలసింది ఏమీ లేదు.

ప్రశ్న కింద ‘జవాబు మూడో పేరాలో చూడు’ వంటి సహాయాలు ఏవీ రాయలేదు. ఆమె అన్నయ్య అడిగారు, “అక్కా, పేరా సంఖ్య రాస్తే తనకు సులువు కదా?” అని. ప్రశ్నలోనే పేరా సంఖ్య ఉంటే అది ఎలాగూ వినిపిస్తుంది. లేనిచోట మనం చేర్చితే, వెతకడమే పరీక్ష అయిన ప్రశ్నలో వెతకవలసిన పని పోతుంది. అందుకు నేను ఒప్పుకోలేదు.

ఫైలుతో సాధన బాగా సాగినా, పరీక్ష గదిలో కంప్యూటరు ఉండదు. అక్కడ స్క్రైబ్ చదివి వినిపిస్తారు. రెండున్నర గంటలకు అదనంగా యాభై నిమిషాలు ఇస్తారు. ఆ పుస్తకంలో గద్యం ఒక పేజీలో, ప్రశ్నలు దాని వెనక ఉంటే, ప్రతి ప్రశ్నకూ స్క్రైబ్ కాగితం వెనక్కి తిప్పి వెతకవలసి వస్తుంది. అందువల్ల ఆఖరి రోజుల్లో ఫైలు పక్కన పెట్టి, A-p13, A-p14 ముక్కలను ఒకే కాగితం ముందూ వెనకా అచ్చు తీయించి, వాళ్ల అన్నయ్యను స్క్రైబ్‌గా కూర్చోబెట్టాము. మొదట తొమ్మిది ప్రశ్నలనూ జవాబులు లేకుండా చదివించుకోవడం, తర్వాత కాగితం తిప్పి గద్యాన్ని పేరా సంఖ్యలు చెబుతూ ఒకసారి నిదానంగా వినడం, ఆ తర్వాత మళ్లీ ప్రశ్నల పేజీకి వచ్చి జవాబులు వినడం అన్నది ఆమె తనంతట తాను కుదుర్చుకున్న పద్ధతి. అలా చేస్తే మళ్లీ గద్యంలోకి వెళ్లవలసిన ప్రశ్నలు రెండు మూడే మిగిలేవి. వాటిని కూడా ఒక్కొక్కటిగా అడగకుండా, వాటి సంఖ్యలు గుర్తుపెట్టుకుని చివర్లో ఒకేసారి కాగితం తిప్పించి, “నాలుగో పేరా మళ్లీ చదవండి, ఆ తర్వాత రెండో పేరా చివరి వాక్యం” అని అడిగేది. పేరా సంఖ్యలు పలకడం అన్నయ్య ఎప్పుడైనా మరచిపోతే అక్కడే ఆపి గుర్తుచేసేది, ఎందుకంటే పరీక్షలో ఎవరు వచ్చినా గద్యం మొదలుపెట్టకముందే ఆ మాట వారికి చెప్పాలని నిర్ణయించుకుంది.